ఇచ్చిన చెక్కులు ఇంకా పాస్ కాలేదు: ఖాతాలో మన డబ్బు ఎంతో లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలా

జులై 31 రాత్రి ఫోన్‌లో బ్యాంక్ యాప్ తెరిస్తే 1,66,082 రూపాయలు కనిపించాయనుకోండి. అందులో ధైర్యంగా ఇంకో చెక్కు రాయగలిగింది 50 వేలకు లోపే. మిగతాదంతా ఇప్పటికే ఎవరికో ఇచ్చేసిన డబ్బు. ఆ చెక్కులు వాళ్ల జేబుల్లోనో, గల్లాపెట్టెల్లోనో ఉన్నాయి, అంతే. బ్యాంకుకు ఆ సంగతి తెలియదు. చెక్కు తన దగ్గరికి వచ్చేదాకా బ్యాంకు దృష్టిలో ఆ డబ్బు మీదే.

చిన్న హార్డ్‌వేర్ షాపు నడిపే ఒకాయన కరెంట్ ఖాతాను ఉదాహరణగా తీసుకుని ఈ లెక్క మొదటి నుంచి వేద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే కానీ పద్ధతి ఏ ఖాతాకైనా ఇదే. నెలకు రెండు చెక్కులు రాసే ఇంటి సేవింగ్స్ ఖాతాకూ సరిపోతుంది.

ముందు ఒక పాత అలవాటు గురించి

"చెక్కు ఇవాళ ఇచ్చినా పడేసరికి రెండు మూడు రోజులు పడుతుంది, ఈలోగా డబ్బు వేద్దాంలే" అనే ధీమా మన వ్యాపారాల్లో చాలాకాలంగా ఉంది. దాన్ని ఇక వదులుకోవాలి. 2025 అక్టోబరు 4 నుంచి రిజర్వ్ బ్యాంకు చెక్కుల క్లియరింగ్‌ను రోజంతా సాగే పద్ధతికి మార్చింది. పగలు క్లియరింగ్ వేళల్లో వేసిన చెక్కుల ఫొటోలు వేసినవి వేసినట్టే మీ బ్యాంకుకు వెళ్తాయి. అదే రోజు సాయంత్రం 7 లోపు మీ బ్యాంకు పాస్ చేస్తున్నదో లేదో చెప్పాలి. అంటే పొద్దున మీ దగ్గర చెక్కు తీసుకున్న మనిషి నేరుగా బ్యాంకుకు వెళ్లి వేస్తే సాయంత్రానికి డబ్బు పోయినట్టే.

ఇందులో తిరకాసు ఏమిటంటే, బ్యాంకు వేగం పెరిగింది కానీ మనుషుల వేగం మారలేదు. ఒకాయన చెక్కు అందిన గంటలో వేస్తాడు, ఇంకొకాయన బీరువాలో పెట్టి నెలన్నర తర్వాత వేస్తాడు. ఏ చెక్కు ఎప్పుడు పడుతుందో ఊహించి బ్యాలెన్స్ చూసుకోవడం అందుకే కుదరదు. ఊహ అవసరం లేని లెక్క ఒకటే ఉంది: చెక్కు చేతికిచ్చిన క్షణంలోనే మీ పుస్తకంలో ఆ డబ్బు తీసేయడం.

1. పుస్తకం తెరవడం

నోటు పుస్తకమైనా ఎక్సెల్ షీటైనా ఏడు గడులు చాలు: తేదీ, చెక్కు నంబరు, ఎవరికి లేదా ఎవరి నుంచి, చెల్లింపు, జమ, నిల్వ, బ్యాంకులో పడిన తేదీ. ఈ పద్ధతికి ప్రాణం చివరి గడి. చాలామంది మొదటి ఆరు గడులు రాసి, ఏడోది లేకుండా కానిచ్చేస్తారు. నెలాఖరున తల పట్టుకునేది వాళ్లే.

మొదలుపెట్టే రోజు బ్యాంకు చూపించే బ్యాలెన్స్‌ను మొదటి వరుసలో రాయండి. దాని కిందే, ఇప్పటికే ఇచ్చేసి ఇంకా పాస్ కాని పాత చెక్కులన్నీ ఒక్కొక్కటిగా రాసి తీసేయండి. అవి ఏవో గుర్తు చేసుకోవడానికి చెక్కు బుక్కు కౌంటర్‌ఫాయిళ్లు ముందు పెట్టుకోండి. వాటి నంబర్లను స్టేట్‌మెంట్‌లో పడ్డ నంబర్లతో పోల్చితే లేనివి బయటపడతాయి. ఇందుకోసం కనీసం గత మూడు నెలల స్టేట్‌మెంట్ చూడాలి. ఎందుకు మూడు నెలలో కింద వస్తుంది.

మన షాపాయన జులై 1న మొదలుపెట్టాడు. బ్యాంకులో 1,84,600 ఉంది. జూన్ 10 తేదీతో ఒక ప్లంబరుకు ఇచ్చిన 412 నంబరు చెక్కు, 22,500ది, ఇంకా పడలేదు. కాబట్టి ఆయన అసలు నిల్వ 1,62,100 దగ్గర మొదలవుతుంది.

2. రాసిన రోజే తీసేయడం

చెక్కు మీద సంతకం పెట్టాక, చింపి ఇవ్వకముందే పుస్తకంలో వరుస రాయండి. "సాయంత్రం కూర్చుని రాద్దాం" అనుకుంటే సాయంత్రానికి మొత్తం గుర్తుంటుంది కానీ చివరి రెండంకెలు మారిపోతాయి. ఏడో గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. ఖాళీగా ఉందంటే ఇంకా పాస్ కాలేదని అర్థం.

రాసేటప్పుడు పాడైపోయిన చెక్కు ఆకునూ వదలకండి. దాని నంబరు రాసి, పక్కన "రద్దు" అని, చెల్లింపు గడిలో సున్నా పెట్టండి. చెక్కు నంబర్లు వరుసలో వస్తాయి కాబట్టి పుస్తకంలో 415 తర్వాత 417 కనిపిస్తే 416 ఏమైందని వెంటనే అనుమానం రావాలి. ఆకు ఎక్కడో పడిపోయినా, ఇంట్లో ఇంకొకరు రాసి చెప్పడం మరిచినా మీకు మొదట తెలిసేది అక్కడే.

జులైలో మన షాపాయన పుస్తకం ఇలా నడిచింది, ఏడో గడి ఇక్కడ చూపించలేదు:

| తేదీ | నంబరు | వివరం | చెల్లింపు | జమ | నిల్వ |
|---|---|---|---|---|---|
| జులై 1 | | బ్యాంకు నిల్వ | | | 1,84,600 |
| జూన్ 10 | 412 | ప్లంబరు (పాతది) | 22,500 | | 1,62,100 |
| జులై 2 | 415 | పైపుల డీలరు | 48,000 | | 1,14,100 |
| జులై 3 | | నగదు జమ | | 35,000 | 1,49,100 |
| జులై 5 | 416 | షాపు అద్దె | 18,000 | | 1,31,100 |
| జులై 8 | 417 | పెయింట్ల డీలరు | 58,400 | | 72,700 |
| జులై 9 | | కస్టమరు చెక్కు | | 27,400 | 1,00,100 |
| జులై 18 | | నగదు జమ | | 40,000 | 1,40,100 |
| జులై 22 | 418 | వైర్ల డీలరు | 36,900 | | 1,03,200 |
| జులై 28 | 419 | లారీ కిరాయి | 7,200 | | 96,000 |
| జులై 31 | | కస్టమరు చెక్కు | | 15,000 | 1,11,000 |

ఎక్సెల్‌లో అయితే చెల్లింపు D గడి, జమ E, నిల్వ F, బ్యాంకులో పడిన తేదీ G అనుకుంటే, మొదటి నిల్వ F2లో ఉంటుంది. మూడో వరుస నిల్వకు ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగితే చాలు:

```
=F2+E3-D3
```

రాబోయే తేదీ వేసి ఇచ్చిన చెక్కుల సంగతి వేరు. హోల్‌సేల్ డీలర్లు సరుకు ఇచ్చేటప్పుడే నెల తర్వాతి తేదీతో చెక్కు తీసుకోవడం మామూలే. వాటిని ఈ వరుసల్లో కలపకండి. పుస్తకం చివరి పేజీలో తేదీల వారీగా వేరే జాబితా రాసి, ఆ తేదీ వచ్చిన రోజు అసలు పుస్తకంలోకి ఎక్కించండి. ముందే కలిపేస్తే ఇవాళ్టి నిల్వ అబద్ధం అవుతుంది. అసలు రాయకపోతే ఆ తేదీన గుండె ఆగుతుంది. ఖాతా నుంచి తనంతట తానే కట్ అయ్యే ఈఎంఐలను కూడా ఆ పేజీలోనే రాసుకోండి. అవి చెక్కు కంటే కచ్చితంగా చెప్పిన తేదీకే వస్తాయి.

3. పడిన తేదీ వేయడం

వారానికి ఒకసారి, చెక్కులు ఎక్కువైతే రోజు విడిచి రోజు, యాప్‌లో స్టేట్‌మెంట్ తెరిచి ఏ చెక్కు ఏ తేదీన పడిందో ఏడో గడిలో వేయండి. మెసేజ్ చూసి వేయకండి. మెసేజీలు ఆలస్యంగా రావచ్చు, కొన్ని రాకపోవచ్చు. తేదీ వేసేటప్పుడు చెక్కు నంబరుతో పాటు మొత్తం కూడా సరిచూడాలి. ఈ రెండో పని చాలామంది చేయరు. మన షాపాయన కూడా చేయలేదు. దాని ఫలితం నెలాఖరున చూస్తాం.

జమ గడిలో ఉన్న కస్టమరు చెక్కులకూ ఇదే నియమం. ఖాతాలో పడేదాకా ఏడో గడి ఖాళీ. నగదు జమ చేస్తే అప్పుడే తేదీ వేసేయవచ్చు.

టాలీ వాడేవాళ్లు ఏడో గడి కోసం వెతుక్కోనక్కర్లేదు. అందులో బ్యాంక్ రీకన్సిలియేషన్ తెరలో బ్యాంకు తేదీ వేసే చోటు ఉంటుంది, పని అదే.

4. నెలాఖరున సరిచూడడం

నెల చివర రెండు మొత్తాలు కావాలి. ఇచ్చి ఇంకా పాస్ కాని చెక్కుల మొత్తం ఒకటి, వేసి ఇంకా జమ కాని చెక్కుల మొత్తం ఇంకొకటి. చేత్తో అయితే ఏడో గడి ఖాళీగా ఉన్న వరుసల చుట్టూ పెన్సిల్‌తో గుర్తు పెట్టి కూడండి. ఎక్సెల్‌లో అయితే:

```
=SUMIF(G:G,"",D:D)
=SUMIF(G:G,"",E:E)
```

ఈ ఫార్ములాలు పక్కన ఖాళీగా ఉన్న వేరే గడుల్లో పెట్టండి. D, E, G లలో ఎక్కడ పెట్టినా తన తోక తానే పట్టుకున్నట్టు తిరుగుతాయి.

మన షాపులో జులై 31 నాటికి పాస్ కానివి మూడు చెక్కులు. జూన్‌నాటి 412 చెక్కు 22,500, వైర్ల డీలరు 418 చెక్కు 36,900, లారీ కిరాయి 419 చెక్కు 7,200. మొత్తం 66,600. జులై 31న క్లియరింగ్ వేళ దాటాక వేసిన కస్టమరు చెక్కు 15,000 ఇంకా జమ కాలేదు. బ్యాంకు నిల్వ 1,66,082.

ఇప్పుడు బ్యాంకు అంకెతో మొదలుపెట్టి, జమ కావలసింది కలిపి, పాస్ కావలసినవి తీసేస్తాం:

1,66,082 + 15,000 − 66,600 = 1,14,482

పుస్తకంలో నిల్వ 1,11,000 ఉంది. రెండూ ఒకటే కావాలి, కాలేదు. తేడా 3,482. ఇక్కడ చాలామంది తేడా చిన్నదే కదా అని "ఇతర ఖర్చులు" అని ఒక వరుస రాసి కలిపేస్తారు. అది మాత్రం చేయకండి. చిన్న తేడా వెనక ఎదురుబొదురుగా నిలబడ్డ రెండు పెద్ద తప్పులు ఉండొచ్చు.

5. తేడాను పట్టుకోవడం

మొదట స్టేట్‌మెంట్‌లో ఉండి మీ పుస్తకంలో లేనివి వెతకండి. ఇవి దాదాపు ఎప్పుడూ బ్యాంకు చార్జీలో, వడ్డీయో, ఎవరో నేరుగా వేసిన డబ్బో అయి ఉంటాయి. షాపాయన స్టేట్‌మెంట్‌లో చెక్కు బుక్కు చార్జీ 100, దాని మీద జీఎస్టీ 18, కలిపి 118 కనిపించింది. దాన్ని పుస్తకంలో చెల్లింపుగా రాసి, పడిన తేదీ కూడా అప్పుడే వేసేశాడు. పుస్తక నిల్వ 1,10,882 అయింది. తేడా తగ్గుతుందనుకుంటే 3,482 నుంచి 3,600కు పెరిగింది. భయపడకండి, ఇది మంచి సూచన. గజిబిజి అంకె పోయి గుండ్రటి అంకె వచ్చిందంటే మిగిలింది ఒకే తప్పు అయ్యే అవకాశం ఎక్కువ.

3,600ను 9తో భాగించి చూడండి. 400, శేషం లేదు. తేడా 9తో పూర్తిగా భాగమైతే ఎక్కడో పక్కపక్క అంకెలు రెండు తారుమారయ్యాయేమో చూడాలి. 54 బదులు 45 రాస్తే తేడా 9, 540 బదులు 450 రాస్తే 90. ఎక్కడ తారుమారైనా తేడా 9తో తెగుతుంది. ఇది లెక్కల మాస్టార్ల పాత చిట్కా, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. తేడా వేలల్లో ఉంది కాబట్టి వేలు, వందల స్థానాలే చూడాలి. చెల్లింపుల్లో 417 నంబరు పెయింట్ల డీలరు చెక్కు పుస్తకంలో 58,400 అని ఉంది. స్టేట్‌మెంట్‌లో 54,800. కౌంటర్‌ఫాయిల్‌లోనూ 54,800. అంటే చెక్కు సరిగ్గానే రాశాడు, పుస్తకంలో 4, 8 అటూ ఇటూ అయ్యాయి.

దిద్దితే 1,10,882 + 3,600 = 1,14,482. రెండూ కలిశాయి.

తేడా 9తో తెగకపోతే దాన్ని సగం చేసి చూడండి. ఆ సగం మొత్తం ఏదైనా వరుసలో కనిపిస్తే ఆ డబ్బును చెల్లింపు గడిలో రాయాల్సింది జమ గడిలో రాసి ఉంటారు, లేదా తిరగేసి. అదీ కాకపోతే తేడాతో సమానమైన మొత్తమే స్టేట్‌మెంట్‌లో వెతకండి. ఒక వరుస పూర్తిగా ఎగిరిపోయి ఉంటుంది. ఈ మూడూ అయ్యాక కూడా దొరకకపోతే కూడికలు మళ్లీ వేయడం తప్ప దారి లేదు. బ్యాంకు తప్పు చేసి ఉంటుందనేది చివరి అనుమానంగా పెట్టుకోండి.

ఇక్కడే ఒక మాట. 50,000, ఆపైన చెక్కులకు 2021 జనవరి 1 నుంచి పాజిటివ్ పే అనే సదుపాయం ఉంది. చెక్కు నంబరు, తేదీ, ఎవరి పేరు, ఎంత మొత్తం అనేవి మీరే ముందుగా బ్యాంకుకు చెప్తారు. చెక్కు వచ్చినప్పుడు వాళ్లు పోల్చి చూస్తారు. 5 లక్షలు, ఆపైన వాటికి దీన్ని తప్పనిసరి చేసే వీలు కూడా బ్యాంకులకు ఉంది. మోసం జరగకుండా పెట్టిందే అయినా మన లెక్కకూ పనికొస్తుంది. ఆ వివరాలు చెక్కు చూసి కాకుండా పుస్తకం చూసి ఎక్కించే అలవాటుంటే, పుస్తకంలోని తప్పు చెక్కును ఆపేస్తుంది. అందుకని వివరాలు ఎప్పుడూ చెక్కు చూసే ఎక్కించి, తర్వాత పుస్తకంతో పోల్చండి.

6. ఎన్నాళ్లకూ పడని చెక్కు

చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలే దానికి చెల్లుబాటు. 2012 ఏప్రిల్ 1కి ముందు ఆరు నెలలు ఉండేది. ఇప్పటికీ ఆరు నెలలు అనుకునే పెద్దవాళ్లున్నారు. ప్లంబరుకు జూన్ 10న రాసిన 412 చెక్కుకు సెప్టెంబరు రెండో వారంలో కాలం తీరుతుంది.

అంతవరకూ ఆ 22,500ను తాకకూడదు. రెండు నెలలు పడకపోతే ఇక పడదులే అని నిల్వలోకి మళ్లీ కలుపుకునేవాళ్లే సరిగ్గా గడువు చివరి వారంలో దెబ్బ తింటారు. ఫోన్ చేసి అడగండి. "అయ్యో, మరిచేపోయానన్నా, రేపే వేస్తా" అంటే వేసేదాకా ఆగాలి. పోగొట్టుకున్నానంటే ముందు బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టి, అది నమోదైందని చూసుకున్నాకే కొత్త చెక్కు ఇవ్వండి. ఈ వరుస తారుమారైతే పోయిన చెక్కు, కొత్త చెక్కు రెండూ పాస్ అయ్యే ప్రమాదం ఉంది.

గడువు దాటిపోతే పుస్తకంలో పాత వరుసను కొట్టేయకండి. కొత్త వరుసలో జమ గడిలో 22,500 రాసి, "412 కాలం చెల్లింది" అని రాయండి. రెండు వరుసలకూ ఏడో గడిలో ఆ రోజు తేదీ వేస్తే అవి రెండూ పాస్ కానివాటి జాబితా నుంచి తప్పుకుంటాయి. నిల్వ పెరిగింది కానీ బాకీ తీరలేదు. ప్లంబరు పేరు మీద 22,500 ఇవ్వాల్సి ఉందని బాకీల పేజీలో రాసుకోవాలి.

మీరిచ్చిన చెక్కు వెనక్కి వస్తే ఇంకో చిక్కు. స్టేట్‌మెంట్‌లో ఆ మొత్తం ఒకసారి తగ్గి మళ్లీ కలిసినట్టు కనిపించొచ్చు. దాన్ని చూసి పుస్తకంలో డబ్బు వెనక్కి కలపకండి. చెల్లుబాటు ఉన్నంతకాలం అదే చెక్కును ఆయన మళ్లీ వేయొచ్చు. వరుసను అలాగే ఉంచి, ఏడో గడి ఖాళీగానే ఉంచి, బ్యాంకు వేసిన రిటర్న్ చార్జీ మాత్రం కొత్త వరుసగా రాయండి. సంతకం తేడాతో వెనక్కి వచ్చినా ఇదే. డబ్బు చాలక వస్తే విషయం లెక్క దాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ దాకా వెళ్తుంది. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో ఆయన నోటీసు పంపవచ్చు, అది అందిన 15 రోజుల్లో మీరు డబ్బు కట్టాలి.

కస్టమరు ఇచ్చిన చెక్కు మీ ఖాతాలో బౌన్స్ అయితే మాత్రం వెంటనే నిల్వ తగ్గించాలి. అదే మొత్తం చెల్లింపు గడిలో రాసి, రెండు వరుసలకూ తేదీ వేసేయండి.

7. ఇప్పుడు ఎంతకు చెక్కు రాయొచ్చు

పుస్తకం చూపించే 1,14,482 కూడా మొత్తం చేతిలో ఉన్నట్టు కాదు. అందులో కస్టమరు చెక్కు 15,000 ఇంకా రాలేదు, బౌన్స్ కావచ్చు. అది తీస్తే 99,482. ఆయన ఖాతాలో కనీసం 10,000 ఉంచకపోతే చార్జీ పడుతుందనుకుంటే, 89,482. చివరి పేజీలో ఆగస్టు 5 తేదీతో సిమెంటు డీలరుకు ఇచ్చిన 40,000 చెక్కు ఉంది. అది కూడా తీస్తే 49,482.

ఈ చివరి మూడు తీసివేతలు పుస్తకంలోని నిల్వ గడిలో రాయకండి. విడిగా ఒక చీటీ మీద వేసి, కొత్త చెక్కు రాయబోయే ముందు చూసుకోండి. పుస్తకం జరిగినది చెప్తుంది, చీటీ జరగబోయేది చెప్తుంది. రెండూ కలిస్తే వచ్చే నెల సరిచూడడం అసాధ్యం అవుతుంది.

ఆగస్టు 1న కొత్త పేజీ మొదలుపెట్టేటప్పుడు పై వరుసలో 1,14,482 రాసి, దాని పక్కనే పాస్ కాని మూడు చెక్కులు, జమ కాని ఒక చెక్కు నంబర్లూ మొత్తాలూ మళ్లీ రాయండి. వాటిని నిల్వలోంచి రెండోసారి తీయకూడదు, ఇప్పటికే తీసేశారు. మళ్లీ రాసేది ఎందుకంటే ఆగస్టు స్టేట్‌మెంట్‌లో 418 పడినప్పుడు జులై పేజీ తిప్పి వెతకకుండా అక్కడే తేదీ వేయడానికి. ఎక్సెల్ వాడేవాళ్లు నెలకో కొత్త షీటు తెరవకుండా మార్చి 31 దాకా ఒకటే షీటు నడిపితే ఈ పనీ ఉండదు.